విత్తనకాయల తీర్మానం: మినిట్స్‌లో ఏం ఉంచాను, ఏం వదిలేశాను

అనంతపురం జిల్లాలోని మా రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో లెక్కలతో పాటు బోర్డు మీటింగుల మినిట్స్ కూడా నేనే రాస్తాను. వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఖరీఫ్‌కు ముందు వేరుశనగ విత్తనం కొనుగోలు మీద జరిగిన మీటింగు.

తొమ్మిది మంది డైరెక్టర్లలో ఏడుగురు వచ్చారు. మూడో వంతు, అదీ ముగ్గురికి తగ్గకుండా ఉంటే కోరం సరిపోతుంది. అయినా సంఖ్యతో సరిపెట్టలేదు. తేదీ, చోటు, మొదలైన సమయం, హాజరైన ఏడుగురి పేర్లు, రాని ఇద్దరి పేర్లు రాశాను. ఒకాయన మొదటి తీర్మానం అయిపోయాక వచ్చారు. ఆ సంగతి రాయకపోతే, ఆయన లేని తీర్మానానికీ ఆయన ఒప్పుకున్నట్టే అవుతుంది.

అసలు గొడవ రెండో అంశం దగ్గర వచ్చింది. తక్కువ ధర చెప్పిన వ్యాపారి మొలక పరీక్ష రిపోర్టు ఇవ్వలేదు. రిపోర్టు ఇచ్చిన అంగడి ఒక డైరెక్టరు బామ్మర్దిది, ధర కాస్త ఎక్కువ. "మీ బామ్మర్ది అంగడి కాబట్టే ఇంత పట్టు పడుతుండావు" అని ఇంకో డైరెక్టరు లేచాడు. ఆ తర్వాత మాటలు చాలా దూరం పోయాయి.

కంపెనీల చట్టం 118వ సెక్షన్ ప్రకారం ఒకరి పరువు తీసేవని, విషయానికి సంబంధం లేనివని చైర్మన్ భావించిన మాటలు మినిట్స్‌లోకి రాకూడదు. కాబట్టి ఆ మాటలు వదిలేశాను. బంధుత్వం మాత్రం వదలలేదు. మాటల వెనక ఉన్న విషయం అదే. దాన్ని దాస్తే రేపు ఆడిటరుకు కొనుగోలు మీదే అనుమానం వస్తుంది. తీర్మానానికి అడ్డు చెప్పిన డైరెక్టరు పేరు రాయాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. చివరకు డ్రాఫ్టు ఇలా తయారైంది:

"సరఫరాదారు తన బంధువని ఒక డైరెక్టరు (పేరు) తెలియజేసి, ఆ తర్వాత చర్చ జరిగినంతసేపూ గది బయట ఉన్నారు. రెండు కొటేషన్లు పరిశీలించడమైనది. తక్కువ ధర కొటేషనుకు మొలక పరీక్ష రిపోర్టు జతచేయలేదు. రెండో దానికి జతచేసిన రిపోర్టులో మొలక 70 శాతానికి పైన ఉంది. ఆ కారణంగా రెండో కొటేషను ఆమోదించడమైనది. ఒక డైరెక్టరు (పేరు) ధర విషయంలో విభేదించారు."

"తీవ్ర వాగ్వాదం", "సుదీర్ఘ చర్చ" లాంటివి ఎక్కడా పెట్టలేదు. "తెలియజేశారు" అన్న చోట "ఒప్పుకున్నారు" అని రాసినా తప్పు చేసి దొరికిపోయినట్టు ధ్వనిస్తుంది.

డ్రాఫ్టు అందరికీ పంపితే, విభేదించిన డైరెక్టరు ఫోన్ చేసి, "నా కారణం ఒక్క మాటలో తేల్చేస్తే ఎట్లా?" అన్నాడు. న్యాయమే అనిపించింది. "తక్కువ ధర వ్యాపారిని రిపోర్టు అడిగి చూద్దామని సూచించారు" అని చేర్చాను, ఆయన మీటింగులో నిజంగానే ఆ మాట అన్నాడు కాబట్టి. 30 రోజుల గడువు లోపలే పేజీ నంబర్లున్న పుస్తకంలోకి ఎక్కించి, ప్రతి పేజీ మీదా చైర్మన్ పొట్టి సంతకం, చివరి పేజీలో తేదీతో పూర్తి సంతకం చేయించాను.

ఆడిట్‌లో అడిగిన మొదటి ప్రశ్న, "ఎక్కువ ధరకు ఎందుకు కొన్నారు?" అని. తీర్మానంలో కారణమున్న వాక్యం చూపించి, రెండు కొటేషన్లూ మొలక రిపోర్టూ ఫైలులోంచి తీసి ముందు పెట్టాను.