జనన పత్రం ఫొటో నుంచి పేర్లూ తేదీలూ: మూడో వారం నమోదు

ఇంట్లో ఉన్న పాత జనన ధ్రువీకరణ పత్రాలను ఫొటోలు తీసి, వాటిలోని రిజిస్ట్రేషన్ నంబరు, తేదీలు, పేర్లు ఒక పట్టికలోకి ఎక్కించే పనిలో ఈ వారం ఒక్క పత్రమే పూర్తయింది. అది మా చెల్లెలిది. లామినేషన్ చేయించిన కాగితం కావడంతో ఫ్లాష్ వేసిన ప్రతిసారీ మధ్యలో తెల్లని మరక పడింది. చివరకు కిటికీ పక్కన బల్లపై పరచి, ఫ్లాష్ ఆపి, ఫోనును కాగితానికి సమాంతరంగా పట్టుకుంటే నాలుగు అంచులూ తిన్నగా వచ్చాయి. అక్షరం ఎత్తు ముప్పై పిక్సెళ్లకు తగ్గకుండా చూసుకున్నాను, ఎందుకంటే అంతకన్నా చిన్నగా ఉంటే వత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

తండ్రి పేరు మీదుగా నీలం రంగు ముద్ర పడి ఉంది. ఫొటోలోని నీలం ఛానెల్‌ను మాత్రమే విడదీస్తే, ఆ ఛానెల్‌లో నీలం సిరా తేలిపోయి, నల్లని అచ్చు నల్లగానే నిలుస్తుంది. ఆ తరువాత పేరున్న ఒక్క వరుసనే కత్తిరించి, బొమ్మలోని అక్షరాలను చదివే టెసెరాక్ట్‌కు ఇచ్చాను.

```
magick patram.jpg -channel B -separate neelam.png
printf 'load_system_dawg 0\nload_freq_dawg 0\n' > nighantuvu_vaddu
tesseract peru.png stdout -l tel --psm 7 nighantuvu_vaddu
```

రెండో ఆదేశం ఒక ఫైలులో రాసే రెండు అమరికలు, మూడో ఆదేశం ఆ ఫైలును చదివినప్పుడు, టెసెరాక్ట్ నిఘంటువును ఆపేస్తాయి. తల్లి పేరులో అచ్చయినది 'లక్ష్మీ' కాగా, నిఘంటువు ఉన్నప్పుడు 'లక్ష్మి' అని వచ్చింది. ఆపిన తరువాత దీర్ఘం నిలిచింది. అయితే అదే అమరికతో చిరునామా వరుస మునుపటికన్నా పాడైంది కనుక, నిఘంటువును పేర్ల వరుసలకు మాత్రమే ఆపుతున్నాను. ఎలా వచ్చినా, పేరును యంత్రం మాట మీద వదిలేయడం లేదు. నేను పట్టికలో చూస్తుంటే అమ్మ కాగితం పట్టుకుని 'లకారం, కకారానికి షవత్తు, మవత్తు, గుడిదీర్ఘం' అని ఒక్కొక్కటే చదివింది. పేరును పేరుగా చదివితే కన్ను తనకు తెలిసిన రూపాన్నే చూస్తుంది. ఇలా విడదీసి చదివినప్పుడే తేడా పట్టుబడుతుంది.

అసలు చిక్కు తండ్రి పేరు దగ్గర వచ్చింది. పత్రంలో 'సుబ్బరావు' అని ఉంది, మేమందరం రాసేది 'సుబ్బారావు'. "అన్నయ్యా, అది తప్పు పడిందని మనకు తెలుసు కదా, దిద్దేయకూడదా?" అని చెల్లెలు అడిగింది. దిద్దలేదు. అచ్చులో ఉన్నదానిని ఒక గడిలో అలాగే ఉంచి, మేము వాడే రూపాన్ని పక్కన 'గమనిక' గడిలో రాశాను. పత్రంలో దిద్దుబాటు చేయించాలంటే రిజిస్ట్రారు దగ్గరకే వెళ్లాలి. నా పట్టికలో దిద్దితే అది ఆ పత్రానికి నకలు కాకుండా పోతుంది. బిడ్డ పేరు గడి ఖాళీగా ఉన్నా ఇదే పద్ధతి. జననం నమోదైన తరువాత పేరు చేర్చుకునే వీలు 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది కనుక, ఖాళీ గడి కూడా ఒక సమాచారమే. అక్కడ నాకు తెలిసిన పేరు నింపకూడదు.

నంబరు, తేదీల దగ్గర తప్పు చేసింది ఎక్సెల్. (ఇంటి పత్రం కాబట్టి ఇక్కడ అంకెలు మార్చి రాస్తున్నాను.) రిజిస్ట్రేషన్ నంబరు 7/1991 అని కొట్టగానే అది `Jul-91` అయిపోయింది. గడులను ముందే 'టెక్స్ట్'గా మార్చి మళ్లీ కొట్టవలసి వచ్చింది. టెసెరాక్ట్ కూడా ఒకసారి గీతను ఒకటిగా చదివి 711991 అని ఇచ్చింది. అంకెలనే చదవమని కట్టడి చేస్తే ఇలాంటి తప్పు ఇంకా బాగా దాక్కుంటుంది.

పత్రంలో మూడు తేదీలు ఉంటాయి: పుట్టినది, నమోదైనది, పత్రం జారీ అయినది. జారీ తేదీ సంతకం దగ్గర కింద ఉంటుంది కనుక దాన్ని నమోదు తేదీగా పొరబడటం సులువు. మూడూ వరుసక్రమంలో ఉన్నాయా అని చూడటం నా మొదటి పరీక్ష, కానీ అది చాలలేదు. పుట్టినది 04/01/1991, నమోదు 11/01/1991 అనుకుందాం. ఎక్సెల్ వీటిని నెల ముందున్నట్టు తీసుకుంటే ఏప్రిల్ 1, నవంబర్ 1 అవుతాయి. వరుసక్రమం అప్పుడూ సరిగానే కనిపిస్తుంది. నన్ను ఆపింది నంబరులోని 7. రిజిస్ట్రేషన్ నంబర్లు ఏటా జనవరిలో ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి, ఏడో నంబరు నవంబరులో పడటం నమ్మశక్యం కాదు. ఇప్పుడు తేదీలను కూడా అచ్చులో ఉన్న గీతలూ సున్నాలతో సహా టెక్స్ట్‌గానే ఉంచి, లెక్కలకు పనికొచ్చే తేదీని వేరే నిలువు వరుసలో పెడుతున్నాను.

వచ్చే వారం నాన్నగారి పత్రం. అది చేతిరాతలో ఉంది కనుక టెసెరాక్ట్‌ను పక్కన పెట్టి, నేనూ చెల్లెలూ ఒకరిది ఒకరు చూడకుండా వేర్వేరుగా ఎక్కించి, రెండింటినీ పోల్చి చూస్తాం.