చీర రంగు వినిపించడానికి పట్టిన మూడు రోజులు

నేను మంగళగిరి చీరలు నేతగాళ్ల దగ్గర కొని ఆన్‌లైన్‌లో అమ్ముతాను. దసరా తగ్గింపు పోస్టర్‌ను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన సాయంత్రం నా దగ్గర ఎప్పటినుంచో చీరలు కొనే ఆవిడ ఒకరు ఫోను చేశారు. ఆవిడ టీచరు, చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని ఫోనులోని టాక్‌బ్యాక్ పైకి చదివితే వింటారు.

"ఏదో తగ్గింపు పెట్టావటమ్మా. నా ఫోను 'ఫోటో' అని ఊరుకుంది. తర్వాత 'ఫైర్, ఫైర్, ఫైర్' అంది. ఎక్కడైనా అంటుకుందా?"

ఆ మంటలు నేను క్యాప్షన్‌లో వరసగా పెట్టిన ఎమోజీలు. ఒక్కోదాన్నీ పేరు పెట్టి చదువుతుందట.

బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే వర్ణన, అంటే ఆల్ట్ టెక్స్ట్, రాస్తే దాన్ని ఫోను చదువుతుందని అప్పుడే తెలిసింది. పోస్టర్ ఫైల్లోని తెలుగునే కాపీ చేసి అతికిస్తే సరిపోతుందనుకున్నాను. అతికిస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వచ్చాయి. మా డీటీపీ అబ్బాయి అను ఫాంటులో కొట్టాడు. కంటికి తెలుగే, లోపల మాత్రం ఫోన్లు తెలుగుగా గుర్తించే యూనికోడ్ కాదు. అంతా ఫోను కీబోర్డుతో మళ్లీ కొట్టాను.

మొదట "మంగళగిరి చీరల పోస్టర్" అని రాశాను. "చీర ఏ రంగో చెప్పవేం? చూపు లేనివాళ్లకు రంగెందుకని వదిలేస్తారు. కట్టుకునేది నేనైనా చూసేది ఊరంతా కదా" అన్నారావిడ. రెండోసారి మూలనున్న పూలతో సహా అన్నీ కుక్కాను. ధర మళ్లీ వినాలంటే పూల దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వచ్చిందట.

మూడోసారికి ఇలా కుదిరింది: "ముదురు ఆకుపచ్చ మంగళగిరి నూలు చీర. ఒళ్లంతా సాదా, రెండు వైపులా బంగారు జరీ నిజాం అంచు, కొంగున జరీ చారలు. చిత్రం మీద: దసరా తగ్గింపు, 1,850 రూపాయలు."

ధర, ఆఖరు తేదీ, ఫోను నంబరు క్యాప్షన్‌లో కూడా రాశాను. ఆల్ట్ టెక్స్ట్‌లో ఉన్న నంబరును కాపీ చేసుకోవడం కష్టం. నంబరును ఐదేసి అంకెలుగా విడదీశాను, లేకపోతే కోట్లలో చదివే ప్రమాదం ఉంది. వాట్సాప్‌లో ఆల్ట్ టెక్స్ట్ రాసే చోటు నాకు కనబడలేదు కనుక అక్కడ వర్ణన బొమ్మ కిందే రాస్తున్నాను.

ఇప్పుడు పోస్టు పెట్టగానే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, వేలు కుడికి జరుపుతూ వింటాను. "రూ.1,850/-" చివర "స్లాష్" అంటుందని అలా విన్నప్పుడే తెలిసింది. అందంగా ఉంటుందని వంపుల ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టిన కొట్టు పేరును అసలు చదవనే లేదు. మామూలు అక్షరాల్లోకి మార్చాను.

నిన్న ఆవిడ మళ్లీ ఫోను చేశారు. "బాగుందమ్మా. అంచు ఎన్ని అంగుళాలు?"

ఒకటిన్నర. అదీ చేర్చాను.