6000 వోల్ట్/మీటర్ కాంతి, 3 నానోన్యూటన్ల తోపు: టార్షన్ బ్యాలెన్స్ లాగ్

ప్రస్తుత స్థితి: గాజు జార్‌లో టంగ్‌స్టన్ తీగకు వేలాడుతున్న కడ్డీ, దాని చివర నల్లటి రాగి రేకు, ఎదురుగా 450 నానోమీటర్ల నీలి లేజర్ అన్నీ పనిచేస్తున్నాయి. కాంతి నెట్టే బలం కొలతకు అందింది. అయితే గాలి చేసే తోపును కాంతి తోపు అనుకోకుండా ఉండటానికే ఎక్కువ శ్రమ పట్టింది, అందుకే ఈ లాగ్‌లో సగం దాని గురించే. ముందుగా లెక్క. ఎంత బలం రావాలో తెలియకపోతే ఏది అసలు సిగ్నలో, ఏది చెత్తో తేలదు.

లెక్క

లేజర్ పుంజాన్ని లెన్స్‌తో వెడల్పు చేసి, 5 మిల్లీమీటర్ల రంధ్రమున్న పలక గుండా మధ్య భాగాన్ని మాత్రమే పంపుతున్నాం. రేకు మీద పడే చోట విద్యుత్ క్షేత్ర కంపన పరిమితి E0 = 6000 వోల్ట్/మీటర్. ఇది గరిష్ఠ విలువ, ఆర్‌ఎంఎస్ కాదు. ఈ తేడా పట్టించుకోకపోతే తీవ్రత, పీడనం రెండూ సరిగ్గా రెండింతలు తప్పుతాయి. జవాబు సగమో రెట్టింపో వచ్చిందంటే ముందు ఇక్కడే చూడాలి.

శూన్యంలో అయస్కాంత క్షేత్ర పరిమితి B0 = E0/c, ఇందులో c కాంతి వేగం. 6000ను 2.998 × 10⁸తో భాగిస్తే 2.0 × 10⁻⁵ టెస్లా, అంటే 20 మైక్రోటెస్లాలు. మన తెలుగు ప్రాంతాల్లో భూమి అయస్కాంత క్షేత్రం 40 మైక్రోటెస్లాల పైచిలుకు ఉంటుంది. ఇది అందులో దాదాపు సగం! అయినా దిక్సూచి ముల్లు కదలదు. ఈ క్షేత్రం సెకనుకు 6.7 × 10¹⁴ సార్లు అటూ ఇటూ మారుతుంది కాబట్టి ముల్లుకు అందే సగటు సున్నా.

తీవ్రత I = ½ ε0 c E0², ఇందులో ε0 శూన్యపు పర్మిటివిటీ. ఇందులోని ½ కాలం మీద సగటు తీసుకోవడం వల్ల వచ్చింది. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు రెండూ సమాన శక్తిని మోస్తాయి కాబట్టి E0 ఒక్కటే కనిపిస్తున్నా ఈ సూత్రంలో రెండింటి వాటా ఉంది. విడిగా B0 భాగాన్ని మళ్ళీ కలిపితే లెక్క రెట్టింపవుతుంది. చేత్తో చేయడానికి ఇంకో తేలిక దారి ఉంది: E0²ను 753.5 ఓమ్‌లతో, అంటే శూన్యపు ఇంపెడెన్స్ 376.7కు రెట్టింపుతో భాగించడం. 3.6 × 10⁷ / 753.5 = 47,780 వాట్/చ.మీ.

పడిన కాంతినంతా పీల్చుకునే ఉపరితలంపై, కిరణాలు నిటారుగా తగిలితే, పీడనం p = I/c. 47,780ను c తో భాగిస్తే 1.59 × 10⁻⁴ పాస్కల్. దీన్ని సరిచూసుకునే దారి కూడా ఉంది. ఈ పీడనం కాంతిలోని సగటు శక్తి సాంద్రత ½ ε0 E0² కు సమానం కావాలి. 8.854 × 10⁻¹² × 3.6 × 10⁷ / 2 చేసినా అదే 1.59 × 10⁻⁴ వస్తుంది.

```python
E0 = 6000.0
c = 299792458.0
eps0 = 8.8541878e-12
B0 = E0 / c
I = 0.5 * eps0 * c * E0**2
p = I / c
print(B0, I, p)
```

5 మిల్లీమీటర్ల చుక్క వైశాల్యం 1.96 × 10⁻⁵ చ.మీ. తీవ్రతను దీనితో గుణిస్తే రేకు మీద పడే పవర్ 0.94 వాట్, పీడనాన్ని గుణిస్తే బలం 3.1 నానోన్యూటన్లు. ఒక మైక్రోగ్రాములో మూడో వంతు బరువు ఇది.

గాజు చేసే నష్టం

పవర్ మీటర్ జార్ బయట ఉంటుంది, మనకు కావాల్సిన E0 లోపల ఉంటుంది. పూత లేని గాజు తన రెండు ముఖాల దగ్గర మొత్తం 8 శాతం పవర్‌ను వెనక్కి తిప్పేస్తుంది. లోపల 0.94 వాట్ పడాలంటే బయట 1.02 వాట్ చూపాలి. క్షేత్రం పవర్ వర్గమూలంతో మారుతుంది కాబట్టి E0 తగ్గేది 4 శాతమే. ఈ లెక్కను క్షేత్రానికి ఒకసారి, పవర్‌కు ఇంకోసారి వేయకూడదు.

ఒక వాట్ నీలి లేజర్ నాలుగో తరగతికి చెందుతుంది. గాజు నుంచి వెనక్కి వచ్చే ఆ 8 శాతం కూడా కంటిని పాడుచేస్తుంది. 450 నానోమీటర్లకు ఓడీ 5 లేదా అంతకు మించిన కళ్ళజోడు పెట్టుకోవాలి, తిరుగు కిరణం వచ్చే దారిలో దాన్ని పీల్చేసుకునే నల్లటి లోహపు డంప్ నిలపాలి, లేజర్ దారి మొత్తాన్నీ పెట్టెతో మూసేయాలి. ఇవి లేకుండా స్విచ్ వేయొద్దు.

తీగ, కడ్డీ

తీగ 25 మైక్రోమీటర్ల టంగ్‌స్టన్, పొడవు 20 సెంటీమీటర్లు. దానికి 10 సెంటీమీటర్ల సన్నని కార్బన్ కడ్డీ, బరువు 0.2 గ్రాములు. రెండు చివర్లా సెంటీమీటర్ చదరపు రాగి రేకులు, మందం 0.1 మిల్లీమీటర్, ఒక్కోటి 0.09 గ్రాములు. కాంతి ఒకదాని మీదే పడుతుంది, రెండోది తూకం కోసం. మధ్యలో చిన్న అద్దం ముక్క.

తీగ మెలి స్థిరాంకం లెక్కప్రకారం 3.1 × 10⁻⁸ న్యూటన్-మీటర్/రేడియన్. దీన్ని నమ్మి ముందుకు పోకూడదు. అది తీగ వ్యాసపు నాలుగో ఘాతంతో మారుతుంది కాబట్టి వ్యాసంలో ఒక శాతం తేడా ఇక్కడ నాలుగు శాతం అవుతుంది. కడ్డీ ఊగే కాలం కొలిచి, ద్రవ్యరాశుల నుంచి జడత్వ భ్రామకం లెక్కగట్టి, స్థిరాంకాన్ని వాటి నుంచి తీసుకోవాలి. ఈ కొలతలకు రావాల్సిన డోలన కాలం 28 సెకన్లు.

3.1 నానోన్యూటన్లు 5 సెంటీమీటర్ల చేయి మీద పనిచేస్తే కడ్డీ 5 మిల్లీరేడియన్లు తిరుగుతుంది. అద్దం మీద పడిన పాయింటర్ కిరణం దానికి రెట్టింపు తిరిగి, 2 మీటర్ల దూరంలోని స్కేలు మీద 20 మిల్లీమీటర్లు జరగాలి. మామూలు స్కేలుతో చదవగలిగిన దూరమే.

వేడి, మిగిలిన గాలి

కడ్డీ నిలకడకు వచ్చేదాకా లేజర్‌ను వెలిగించి ఉంచితే ఆ 20 మిల్లీమీటర్లు చూడొచ్చు అనిపిస్తుంది. కానీ నల్లటి రాగి రేకు సెకనుకు 27 కెల్విన్ చొప్పున వేడెక్కుతుంది. అలాగే వదిలేస్తే 270 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. రేకును కడ్డీకి అంటించిన జిగురు పొగలు కక్కుతుంది, జార్‌లో పీడనం పెరుగుతుంది, స్కేలు మీద చుక్క ఎటో జారిపోతుంది. అందుకే 2 సెకన్ల వెలుగు మాత్రమే ఇచ్చి, ఆ తోపుకు కడ్డీ ఎంత ఊగిందో చదువుతున్నాం. 28 సెకన్ల కాలానికి ఆ మొదటి ఊపు నిలకడ విలువలో 0.44 వంతు, అంటే స్కేలు మీద 9 మిల్లీమీటర్లు. అమెరికా భౌతిక శాస్త్రవేత్తలు నికోల్స్, హల్ 1900ల మొదట్లో ఇదే కొలత చేసినప్పుడు కూడా వెలుగును కొద్దిసేపే ఇచ్చి ఊపును చదివారు.

అసలు చిక్కు గాలిది. రేకు ముందు ముఖం వెనక ముఖం కన్నా ΔT వేడిగా ఉంటే, జార్‌లో మిగిలిన గాలి అణువులు వేడి ముఖం నుంచి ఎక్కువ వేగంతో తిరిగి వెళ్తూ రేకును వెనక్కి నెడతాయి. పీడనం తక్కువగా ఉన్నప్పుడు ఆ తోపు సుమారుగా p_గాలి × ΔT / 4T, ఇందులో T కెల్విన్‌లలో గాలి ఉష్ణోగ్రత. గాజు బుడ్డిలో ఒక ముఖం నల్లగా, రెండోది మెరుపుగా ఉన్న రెక్కలు కాంతికి తిరిగే క్రూక్స్ రేడియోమీటర్ తిరగడానికి కారణం ఈ రకం తోపే. కాంతి పీడనమే తిప్పుతుంటే అది ఎదురు దిశలో తిరగాలి, ఎందుకంటే మెరిసే ముఖం మీద కాంతి తోపు నల్ల ముఖం కన్నా ఎక్కువ.

మొదటి పూత మామూలు మ్యాట్ నలుపు పెయింటు, మందం 20 మైక్రోమీటర్లు. పెయింటు వేడిని సరిగా పోనివ్వదు. చదరపు మీటరుకు 47,780 వాట్లు దాని గుండా రాగిలోకి పోవాలంటే పూత పై పొరకూ అడుగుకూ మధ్య దాదాపు 5 కెల్విన్ తేడా వస్తుంది. జార్‌లో ఒక పాస్కల్ గాలి ఉన్నా దాని తోపు 4 × 10⁻³ పాస్కల్. కాంతి పీడనానికి ఇది 25 రెట్లు. ఏసీ మెకానిక్‌లు వాడే రెండు దశల పంపు మామూలుగా దిగేది ఈ పాస్కల్ స్థాయికే. పెయింటు రేకుతో 2 పాస్కల్స్ దగ్గర చుక్క స్కేలు దాటిపోవడం లెక్కకు సరిగ్గా సరిపోయింది. కదలిక పెద్దగా వచ్చిందని కాంతి పీడనం కనబడిందనుకోవడం ఈ ప్రయోగంలో చాలా తేలికగా జరిగే తప్పు.

ఇక్కడ పవర్ తగ్గించినా లాభం లేదు. ΔT పవర్‌తో పాటే తగ్గుతుంది, కాంతి తోపూ అంతే తగ్గుతుంది, రెండింటి నిష్పత్తి మారదు. మార్చగలిగేది పూతను, గాలి పీడనాన్ని మాత్రమే.

పూత విషయానికొస్తే, పెయింటు తీసేసి రాగినే వేడి క్షార ద్రావణంలో నల్లబరచాం. కాపర్ ఆక్సైడ్ పొర మైక్రోమీటర్ దరిదాపుల్లోనే ఉంటుంది, కాబట్టి ΔT కెల్విన్‌లో పదో వంతు కన్నా తక్కువకు దిగుతుంది. రెండు ముఖాలూ ఒకేలా నల్లబరచాలి. ఒక ముఖం మెరుపుగా ఉంటే, రేకు మొత్తం ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా గాలి అణువులు రెండు ముఖాల నుంచీ వేడిని ఒకేలా తీసుకోవు. 2 సెకన్లలో రేకు 50 కెల్విన్ పైగా వేడెక్కుతుంది కాబట్టి ఆ చిన్న తేడాకే పెయింటు చేసినంత పని జరుగుతుంది.

గాలి విషయానికొస్తే, రోటరీ పంపుకూ జార్‌కూ మధ్య డిఫ్యూజన్ పంపు చేర్చి 0.01 పాస్కల్ దాకా దించాం. ఆక్సైడ్ రేకుతో 2 పాస్కల్స్ దగ్గర 17 మిల్లీమీటర్లున్న ఊపు, పీడనం దిగేకొద్దీ తగ్గుతూ వచ్చి 0.05 పాస్కల్ నుంచి కింద 9.6 దగ్గర నిలిచింది. ఆ తర్వాత ఎంత దించినా కదల్లేదు. అన్నిటికన్నా ఎక్కువగా నమ్మదగిన ఆధారం ఈ నిలకడే. గాలి తోపు గాలి పీడనంతో పాటు మారి తీరాలి, కాంతి తోపు మారకూడదు.

9.0 రావాల్సిన చోట 9.6 ఎందుకొచ్చింది? ఆక్సైడ్ పూర్తిగా నల్లది కాదు. అది 5 శాతం కాంతిని అన్ని వైపులకూ చెదరగొడుతుందనుకుంటే తోపు I/c కన్నా 3 శాతం పెరిగి, రావాల్సిన విలువ 9.3 అవుతుంది. మిగిలిన 3 శాతం పవర్ మీటర్ కచ్చితత్వంలోనే ఇమిడిపోతుంది. దాని కోసం ఇంకో కారణం వెతకడం అనవసరం.

తర్వాతి పని

రెండో చివరనున్న రాగి రేకు తీసి, అదే బరువుకు సరిపెట్టిన అల్యూమినియం పూత అద్దం పెడుతున్నాం. నీలి కాంతిలో అల్యూమినియం 92 శాతం పరావర్తనం చేస్తుంది కాబట్టి తోపు 1.92 I/c. నల్ల రేకుతో పోలిస్తే ఊపు 1.86 రెట్లు రావాలి, అంటే 9.6 బదులు దాదాపు 18 మిల్లీమీటర్లు. ఈ నిష్పత్తిలో పవర్ మీటర్ తప్పు, తీగ స్థిరాంకపు తప్పు రెండూ కొట్టుకుపోతాయి. నిష్పత్తి 1.86 కన్నా బాగా తక్కువగా వస్తే నల్ల రేకు కొలతలో ఇంకా వేడి తోపు దాగి ఉన్నట్టు లెక్క. అద్దాన్ని కిరణానికి నిటారుగా నిలిపితే ముప్పావు వాట్‌కు పైగా కాంతి నేరుగా లేజర్ వైపు తిరిగి వస్తుంది, కాబట్టి 3 డిగ్రీలు పక్కకు వంచి, తిరుగు కిరణాన్ని డంప్‌లోకి మళ్ళించాకే లేజర్ వేస్తాం. ఆ వంపు వల్ల బలంలో పోయేది వెయ్యిలో మూడు వంతులే.