పది మూళ్ల ముప్పై

ఇంగ్లండులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నాకు మధ్యాహ్న భోజన విరామం దొరికే సమయానికి చిత్తూరులో మా మేనత్త దీపం పెడుతూ ఉంటుంది. గత శీతాకాలంలో ఒకనాడు ఆ వేళకే ఆమె తన మోకాలి పరీక్ష కాగితాన్ని ఫొటో తీసి పంపింది.

పరీక్ష శ్రద్ధగానే జరిగింది. వయసు 64, కుడి మోకాలి కీలు అరుగుదల, బీపీకి మాత్రలు అని రాసి ఉంది. మరొకరు చేత్తో చాపితే కాలు పూర్తిగా తిన్నగా అవుతోంది గాని, ఆమె తనంతట తాను చాపితే 10 డిగ్రీలు తగ్గుతోంది. చివర ‘ఎస్‌ఎల్‌ఆర్ 10×3 బీడీ’ అని ఉంది. కాలిని తిన్నగా ఉంచి పైకెత్తే వ్యాయామాన్ని పదేసి సార్ల చొప్పున మూడు విడతలుగా, రోజుకు రెండు పూటలు చేయాలని దాని అర్థం. అది ఒక వైద్యుడు మరొక వైద్యుడి కోసం రాసుకునే భాష.

“పది మూళ్ల ముప్పై కదా నాయనా, ఒకే ఊపున చేసేశాను” అంది అత్త. ఊపిరి బిగబట్టి చేసిందట. మరునాటికి మోకాలు వాచింది.

నేను ఆమెను చూస్తున్న ఫిజియోథెరపిస్టుతో మాట్లాడాను. కాలు తనంతట తాను తిన్నగా కానప్పుడు దానిని పైకెత్తితే వంగిన మోకాలే పైకి లేస్తుంది కనుక, వాపు తగ్గాక ముందు తొడ ముందుభాగపు కండరానికి చివరి కొద్దిపాటి చాపుడు నేర్పుదామని ఇద్దరమూ అనుకున్నాము. అప్పుడు కాగితంపై ఇలా రాశాను: “మంచంపై వెల్లకిలా పడుకొని, కుడి మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోవాలి. మోకాలిని తువ్వాలుకు ఆనించే ఉంచి, మడమ ఎత్తి కాలు చాపాలి. అయిదు అంకెలు పైకి లెక్కపెట్టి దించాలి. ఇలా 10 సార్లు చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ 10 సార్లు. ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట.”

పైకి లెక్కపెట్టమన్నది బీపీ కోసం; మాట వస్తూ ఉంటే ఊపిరి బిగబట్టడం కుదరదు. జాగ్రత్తల్లో “నొప్పి వస్తే ఆపండి” అని మాత్రమే రాస్తే, అరిగిన కీలున్నవారు మొదటి రోజే మానేస్తారు. అందుకే, చేసేటప్పుడు ఓర్చుకోగలిగిన నొప్పి ఫరవాలేదని, అది మరుసటి ఉదయానికి కూడా తగ్గకపోయినా, వాపు పెరిగినా ఒక్కో విడతను 5 సార్లకు తగ్గించాలని రాశాను. పిక్క ఒకవైపే వాచి, వేడెక్కి నొప్పి పుడితే వ్యాయామం ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలన్న వాక్యాన్ని వేరుగా, పెద్ద అక్షరాలతో పెట్టాను.

ఇంగ్లండులో నేర్చుకున్న అలవాటు కొద్దీ, కాగితం చదివి చేసి చూపించమని వీడియోలో అడిగాను. అత్త తువ్వాలును పిక్క కింద పెట్టుకుంది. ‘మోకాలి కింద’ అంటే ఆమెకు మోకాలికి దిగువన అని తోచింది. తెలుగులో ఆ అర్థమూ సరైనదే. ఆ మాట కొట్టివేసి ‘మోకాలి వెనుక మడత కింద’ అని రాసి, కొత్త కాగితం పంపాను.