లేఆఫ్ వార్త తర్వాత రాసిన మెయిల్

మా హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్ డెమో చూసిన కంపెనీలో లేఆఫ్‌లని పేపర్లో చూడగానే, అక్కడి మేడమ్‌కి వెళ్లాల్సిన ఆటోమేటిక్ ఫాలోఅప్ ఆపేశాను. తీసేసింది ఆవిడ సపోర్ట్ టీమ్‌నే. "తక్కువ మందితో ఎక్కువ పని అని ఇప్పుడే అమ్ము" అన్నారు మావాళ్లు. నాకు మనసొప్పలేదు. పైగా ఇలాంటప్పుడు కొత్త ఖర్చు ఆవిడ చేతిలో ఉండదు, ఫైనాన్స్ దాకా వెళ్తుంది.

కాస్త సద్దుమణిగాక, ఆవిడ ఇంకా అక్కడే ఉన్నారని తెలుసుకుని రాశాను: "మేడమ్, మా ప్రపోజల్ ఇప్పుడు పక్కన పెట్టేయండి. కొటేషన్ రేటు జూన్ దాకా మారదు. మీరు చెప్పేదాకా ఫోన్ చేయను." వార్త ఊసు లేదు, మీటింగ్ లింకూ పెట్టలేదు.

నిన్న జవాబొచ్చింది: "థాంక్సండీ. ఏప్రిల్లో కొత్త బడ్జెట్ వచ్చాక నేనే రాస్తాను."