సంగటి చప్పుడు

నాలుగోసారీ ఆయన ముఖం సగం నవ్వులోనే ఆగిపోయింది. తెర మీద Reconnecting అని తిరిగి తిరిగి, కాల్ కట్.

ఈరోజు మా మూడో పెళ్లిరోజు. కడపలో రాత్రి తొమ్మిదిన్నర, కువైట్‌లో ఏడు. డ్యూటీ దిగి స్నానం కూడా చేయకుండా కూర్చున్నాడు పాపం.

వీడియో మానేసి వాయిస్ మెసేజ్ పెట్టినా. దానికి సిగ్నల్ కాల్ మాదిరి ఎడతెగకుండా ఉండాల్సిన పన్లేదు, వచ్చిన క్షణంలో వెళ్లిపోతాది. రాగిసంగటి కెలుకుతా, తెడ్డు చప్పుడు కూడా పడేట్టు ఫోన్ పొయ్యి పక్కనే పెట్టి మాట్లాడినా.

కాసేపటికి జవాబు: "సంగటి గట్టిపడినట్టుండాదే, దించు. మాడుతాది."

చప్పుడును బట్టే కనిపెట్టినాడు! నిజంగానే అడుగంటబోతాంది.

అట్లా పదకొండు మెసేజ్‌లు. ఆఖరిది ఇంకా వినలేదు. లైటు ఆర్పినాక వింటా.