2004 MN4 అపోఫిస్ ఎలా అయింది: గ్రహశకలాల లాగ్

శనివారం

ఫోటోల్లో కదిలే చుక్కల స్థానం కొలవడం కాస్త చేతికొచ్చింది. అందుకే ఈ వారం పేర్ల సంగతి పట్టుకున్నాను. అభ్యాసానికి అపోఫిస్ అనే గ్రహశకలానికి మొదట ఇచ్చిన గుర్తు, 2004 MN4 తీసుకున్నాను.

ఏడాది పక్కనున్న మొదటి అక్షరం నెలలో ఏ సగమో చెబుతుంది. జనవరి మొదటి సగానికి A, రెండో సగానికి B, అలా వరసగా పోతుంది. I మాత్రం వాడరు. ఆ లెక్కన M అంటే జూన్ 16 నుంచి 30 దాకా. నిజంగానే ఇది జూన్ 19న దొరికింది. రెండో అక్షరం N, I లేని వరసలో పదమూడోది. చివరి 4 చూస్తే 25 అక్షరాల చుట్టు అప్పటికి నాలుగుసార్లు తిరిగిందని అర్థం. 4 × 25 + 13 = 113. అంటే ఆ సగం నెలలో ఇలాంటి గుర్తు అందుకున్న 113వ వస్తువు ఇది.

ఆదివారం

ఈ గుర్తు తాత్కాలికమే. కక్ష్య గట్టిగా తేలాకే, గ్రహశకలాల లెక్కలు చూసే మైనర్ ప్లానెట్ సెంటర్ శాశ్వత సంఖ్య ఇస్తుంది. మామూలు గ్రహశకలాలకు దీనికి చాలా ఏళ్లు పడుతుంది, ఎందుకంటే అవి మన ఆకాశంలో సూర్యుడికి ఎదురు వైపుకు వచ్చినప్పుడల్లా, అలా కొన్ని విడతలు, మళ్లీ పట్టుకోవాలి. 2004 MN4కి మాత్రం మరుసటి ఏడాదే 99942 వచ్చింది. భూమికి దగ్గరగా తిరిగేది కాబట్టి అందరి కళ్లూ దాని మీదే ఉన్నాయి, రాడార్ కొలతలూ దొరికాయి.

సంఖ్య వచ్చాక కనిపెట్టినవాళ్లకు పేరు ప్రతిపాదించే హక్కు పదేళ్లు ఉంటుంది. అంతర్జాతీయ ఖగోళ సంఘంలోని నామకరణ బృందం ఒప్పుకుంటేనే అది పేరవుతుంది. డబ్బు కట్టి కొనుక్కునే దారి లేదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే.

బుధవారం

ప్రతిపాదన ముసాయిదా రాసే ముందు ఏం చూడాలో రాసుకున్నాను. ఇంగ్లిష్ లిపిలో ఖాళీలు, గీతలతో కలిపి 16 అక్షరాలు దాటకూడదు. ఉన్న పేర్లకు మరీ దగ్గరగా ఉండకూడదు. వ్యాపార పేర్లు కుదరవు, పెంపుడు జంతువుల పేర్లు పెట్టొద్దంటారు. రాజకీయం వల్లో యుద్ధాల వల్లో పేరొచ్చిన మనిషైతే చనిపోయి వందేళ్లు గడవాలి. భూమికి దగ్గరగా వచ్చేవాటికి సాధారణంగా పురాణ పేర్లు పెడతారు. అపోఫిస్ ఈజిప్టు పురాణాల్లోది.

శుక్రవారం

16 దాటిన పేరేదైనా ఉందేమోనని వెతికితే 4015 Wilson-Harrington దొరికింది. లెక్కపెట్టాను, గీతతో కలిపి 17. కారణం తోకచుక్కల పద్ధతి. వాటికి పేరు ఎంచుకునే పనే లేదు, కనిపెట్టినవాళ్ల పేరో సర్వే పేరో వస్తుంది. 1949లో విల్సన్, హారింగ్టన్ దీన్ని తోకచుక్కగా చూశారు. 1979లో ఇదే తోక లేకుండా దొరికి 1979 VA అయింది. రెండూ ఒకటేనని 1992లో తేలింది. దాంతో గ్రహశకలంగానూ పాత పేరే మిగిలింది, తోకచుక్కల పట్టికలో 107Pగానూ ఉంది.